వేడి బజ్జీ, వార్తాపత్రిక సిరా

పావగడ తాలూకాలో సాయంకాలపు మిరపకాయ బజ్జీలను పాత వార్తాపత్రిక ముక్కలో పెట్టి ఇవ్వడం చాలాకాలంగా ఉన్న వాడుక. బాణలి నుండి తీసిన వడలను, బోండాలను నూనె పీల్చుటకై పత్రికపై పరచడం నగరాలకు వలస వచ్చిన కుటుంబాల వంటిళ్లలోనూ కనిపిస్తుంది. ఈ అలవాటులోని చిక్కు సిరా స్వభావంలో ఉన్నది.

సాధారణ వార్తాపత్రిక సిరా గోడకు వేసిన రంగు వలె గట్టిపడదు. అందులోని ఖనిజ నూనె కాగితంలోకి ఇంకిపోవడం వలననే అది ఆరినట్లు కనిపిస్తుంది. పత్రిక చదివిన తరువాత వేళ్లకు నలుపు అంటడానికి కారణమిదే. వేడి బజ్జీలోని వంటనూనె ఆ కాగితానికి తగిలినప్పుడు ఖనిజ నూనె అందులో సులభంగా కరిగి, తిండిలోకి చేరుతుంది. కొంత రంగు కూడ దానితో వస్తుంది.

బజ్జీపై నలుపు కనిపించనంత మాత్రాన సిరా అంటలేదని చెప్పలేము. ఖనిజ నూనె కంటికి కనబడదు. పాత కాగితాన్ని గుజ్జుచేసి తయారుచేసిన పత్రికలో అచ్చులేని అంచున సైతం పాత సిరా శేషాలు ఉండవచ్చును. ఒక్కనాడు తిన్నందున వెంటనే జబ్బు చేయదు. అయితే ఖనిజ నూనెలలో కొన్ని భాగాలు శరీరంలో పేరుకొంటాయి కనుక, ప్రతిదినపు అలవాటు గురించియే ఆలోచించవలెను.

భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనే దీనిపై హెచ్చరించినది. 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు ఆహారాన్ని వార్తాపత్రికలో చుట్టడాన్ని, నిలువ చేయడాన్ని నిషేధించినవి. అచ్చువేసిన ముఖము ఆహారానికి తగలరాదని కూడ అవి చెప్పుచున్నవి.

పత్రిక లేకుండా నూనె తీయడం కష్టము కాదు. బజ్జీ బాణలిలో ఉన్నంతసేపు లోపలి ఆవిరి బయటికి తన్నుచుండుటచే నూనెను లోనికి రానీయదు. బయటికి తీసి చల్లారునప్పుడే పైనున్న నూనె లోపలికి పోవును. కనుక బజ్జీలను చిల్లుల గరిటెతో ఎత్తి, బాణలి పైననే అర నిమిషము పట్టి, చుక్కలు ఆగువరకు మెల్లగా తట్టవలెను. పిమ్మట పళ్లెముపై ఉంచిన స్టీలు జల్లెడలో రెండు నిమిషాలు విడిగా పరచవలెను. ఒకదానిపై ఒకటి పేర్చినచో అడుగువి నూనెలో నానును.

ఇవ్వడానికి అరటియాకు, మోదుగాకు విస్తరి చాలును. అంగడికి స్టీలు డబ్బా తీసుకొనిపోయినచో కాగితపు అవసరమే ఉండదు. పత్రికపై తెల్లకాగితము పరచి వడ్డించుట మాత్రము చాలదు. వేడికి సిరాలోని ఖనిజ నూనె పలుచని కాగితమును దాటి రాగలదు.