పాలసీలో కారు మోడల్, ఏడాది తప్పు పడితే

అమెరికాలో సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక ఇన్సూరెన్స్ పాలసీ రాగానే ముందు చూడాల్సింది డిక్లరేషన్స్ పేజీ. కారు 2019 హోండా సివిక్ అయితే అందులో 2018 అకార్డ్ అని ఉందనుకోండి. మోడల్ ఫోన్లో తప్పుగా వినిపించి ఉండొచ్చు. ఏడాది తేడాకు మాత్రం మన అలవాటే కారణం కావచ్చు. మన దగ్గర బండి తయారైన సంవత్సరాన్నే మోడల్ అంటాం. అమెరికాలో మోడల్ ఇయర్ వేరు, తయారీ తేదీ వేరు. 2018 సెప్టెంబరులో తయారైన కారు కూడా 2019 మోడల్ కావచ్చు. డోరు పక్క స్టిక్కరు మీద ఉండే నెల, ఏడాది తయారీవే.

తప్పు సరిచేయమని కంపెనీకి ఉత్తరం రాసే ముందు 17 అక్షరాల విన్ నంబరు సరిచూడండి. అది డ్రైవర్ వైపు అద్దం కింద డాష్‌బోర్డు మీద, టైటిల్ కాగితంలో ఉంటుంది. అందులో పదో అక్షరం మోడల్ ఇయర్‌ను చెబుతుంది: J అయితే 2018, K అయితే 2019. పాలసీలో విన్ సరిగా ఉంటే వర్ణన మాత్రమే తప్పు, ఉత్తరం సరిపోతుంది. విన్ కూడా వేరే ఉంటే ఇన్సూరెన్స్ ఇంకో కారుకు ఉన్నట్టే. అప్పుడు అదే రోజు ఫోన్ చేసి సరిచేయించుకుని, తర్వాత ఉత్తరం పంపండి.

ఇంగ్లీషులో రాసే ఉత్తరం సారాంశం ఇలా ఉండాలి:

విషయం: పాలసీ నంబరు ........, వాహన వివరాల సవరణ

అయ్యా,
మార్చి 3 నుంచి అమల్లో ఉన్న ఈ పాలసీలో నా వాహనం 2018 హోండా అకార్డ్ అని ఉంది. నా కారు 2019 హోండా సివిక్. విన్ నంబరు ........ పాలసీలో సరిగానే ఉంది. టైటిల్, రిజిస్ట్రేషన్ నకళ్లు, విన్ ఫొటో జతచేశాను. పాలసీ మొదలైన తేదీ నుంచే సవరణ వర్తించేలా చేసి, కొత్త డిక్లరేషన్స్ పేజీ, ఐడీ కార్డులు పంపగలరు. ప్రీమియం మారితే ఎంతో రాతపూర్వకంగా తెలపగలరు.
ఇట్లు,
(పేరు, చిరునామా, సంతకం)

ఇందులో కీలకం ‘మొదలైన తేదీ నుంచే’ అన్న మాట. సవరణ ఉత్తరం అందిన రోజు నుంచి మాత్రమే వేస్తే, ముందు రోజుల్లో జరిగిన ప్రమాదానికి క్లెయిమ్‌లో పేచీ రావచ్చు. ప్రీమియం పెరిగినా తగ్గినా ఒప్పుకోండి, కంపెనీ లెక్క అసలు కారు మీదే ఉండాలి.

ఉత్తరాన్ని ఈమెయిల్లోనో, కంపెనీ వెబ్‌సైట్ అకౌంట్లోనో పంపి, అందినట్టు వచ్చిన జవాబు దాచుకోండి. కారు లోన్ మీద ఉంటే సవరించిన పేజీ బ్యాంకుకూ పంపండి. ఇన్సూరెన్స్ రుజువు కుదరకపోతే బ్యాంకే ఖరీదైన పాలసీ తీసుకుని ఆ భారం మీ మీద వేయొచ్చు. కొత్త పేజీ వచ్చాక ఏడాది, మోడల్, విన్, అమలు తేదీ నాలుగూ టైటిల్‌తో, మీ ఉత్తరంతో సరిపోల్చి చూశాకే పాత ఐడీ కార్డు చించేయండి.