తొమ్మిదో ఎక్కం - ఏడు మాత్రల పాట

ఎక్కాలు పాటగా కట్టాలని కూర్చున్న వాళ్ళు సాధారణంగా మొదట బాణీ వెతుకుతారు. ఏదో సినిమా పాట వరస తీసుకొని అందులో అంకెలు కుక్కుతారు. నాలుగు పంక్తులు బాగానే నడుస్తాయి. అయిదో పంక్తిలో అంకె పట్టదు, పిల్లలు నాలుక మడతపడి నవ్వేస్తారు. అంకెల పేర్లకు వాటి నడక వాటికి ఉంది. దాన్ని లెక్కపెట్టకుండా బాణీ తేవడం, కాలు కొలవకుండా చెప్పు కొనడం లాంటిది. మాది సైన్సు తరగతి గనుక ముందు కొలుద్దాం.

కొలత మనకు తెలిసిందే. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికీ ఐత్వానికీ రెండు, సున్న ఉన్నా వెనక ఒత్తక్షరం వచ్చినా రెండు. ఈ లెక్కన పదుల పేర్లు చూడండి. ఇరవై నాలుగు మాత్రలు, ముప్పై నాలుగు, నలభై నాలుగు, యాభై నాలుగు. అరవై, డెబ్బై, ఎనభై, తొంభై కూడా నాలుగే. ఒక్కటీ తప్పలేదు! ఇక ఒకట్ల స్థానం. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు - ఇవన్నీ మూడేసి మాత్రలు. నాలుగు, ఎనిమిది, తొమ్మిది మాత్రం నాలుగేసి. అంటే ఇరవై దాటాక మన అంకెలన్నీ నాలుగూ మూడూ, ఏడు మాత్రల నడక నడుస్తాయి. చివర నాలుగో, ఎనిమిదో, తొమ్మిదో ఉన్నవి మాత్రం ఒక మాత్ర పొంగుతాయి. ఇరవయ్యేడు, ముప్పయ్యారు అని ఊళ్ళో అన్నట్టు కలిపి పలికినా మొత్తం మారదు, లెక్కపెట్టి చూసుకోవచ్చు.

ఏడు మాత్రలంటే విజయనగరం వాళ్ళకు కొత్త కాదు. గురజాడ అప్పారావుగారు 1910లో ముత్యాల సరాలు రాసినప్పుడు పాదాన్ని మూడు, నాలుగు, మూడు, నాలుగుగా పధ్నాలుగు మాత్రలతో నడిపించారు. ఆఖరి పాదం కొంచెం పొట్టిగా ఉండొచ్చు. అంకెల నడక దానికి తిరగేసినది: నాలుగు, మూడు, నాలుగు, మూడు. మొత్తం అదే పధ్నాలుగు. ప్రశ్నకు ఏడు, జవాబుకు ఏడు పెట్టుకుంటే ఎక్కంలో ఒక పంక్తి ఒక పాదం అవుతుంది.

అయితే ఏ ఎక్కం? ప్రశ్న భాగం కూడా నాలుగూ మూడూ కావాలంటే ఎక్కం పేరు నాలుగు మాత్రలది కావాలి. అలాంటివి నాలుగో ఎక్కం, ఎనిమిదో ఎక్కం, తొమ్మిదో ఎక్కం, ఈ మూడే. నాలుగో ఎక్కం సగం ఇరవై లోపలే గడిచిపోతుంది. ఎనిమిదో ఎక్కంలో ఇరవై నాలుగు, నలభై ఎనిమిది, అరవై నాలుగు అని పొంగే అంకెలు మాటిమాటికీ వస్తాయి. తొమ్మిదో ఎక్కంలో ఒకట్ల స్థానం తొమ్మిది నుంచి సున్న దాకా ఒక్కొక్కటీ ఒక్కసారే దిగుతుంది. అందుచేత పొంగే తొమ్మిదీ ఎనిమిదీ మొదటి రెండు పంక్తుల్లోనే, పక్కన ఇరవై ముప్పైలు చేరకముందే అయిపోతాయి. మిగిలేది ఒక్క యాభై నాలుగు. పిల్లలు ఎక్కువ భయపడే ఎక్కమే పాటకు అన్నిటికన్నా లొంగుతుంది. నేను కట్టిన వరస ఇది:

తొమ్మిది ఒకటి - తొమ్మిది సూడు
తొమ్మిది రెళ్ళ - పద్దెనిమిదీ
తొమ్మిది మూళ్ళ - ఇరవై ఏడు
తొమ్మిది నాల్ల - ముప్పై ఆరు
తొమ్మిది ఐద్ల - నలభై ఐదు
తొమ్మిది ఆర్ల - యాభై నాల్గు
తొమ్మిది ఏళ్ళ - అరవై మూడు
తొమ్మిదెనిమిది - డెబ్బై రెండు
తొమ్మిది సార్లు - ఎనభై ఒకటి
తొమ్మిది పదుల - తొంభై చాలు

ఇందులో బిగించవలసి వచ్చిన చోట్లు చెబుతాను. ఒకట్ల అంటే నాలుగు మాత్రలు, అందుకని ఒకటి. జవాబు తొమ్మిది నాలుగే గనుక మూడు మాత్రల తోక కావాలి. చూడు అని రాస్తే మావైపు పిల్లలు ఎలాగూ సూడు అనే అంటారు, అలాగే ఉంచేశాను. (కళ్ళంలో కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అంటారు; మొదటి అంకెకు అలంకారం కొలత పాతదే.) పద్దెనిమిది ఆరు మాత్రలే, చివర దీర్ఘం తీస్తే ఏడు. ఐదుల, నాలుగు అనే మాటలు నోట్లో నలిగి ఐద్ల, నాల్గు అవుతాయి, ఇది మాట్లాడే భాషే. తొమ్మిది ఎనిమిదుల అంటే తొమ్మిది మాత్రలయి ఊరంతా పొర్లుతుంది. సంధి చేసి తొమ్మిదెనిమిది అంటే సరిగ్గా ఏడు. నన్ను ఎక్కువ ఏడిపించింది తొమ్మిది తొమ్ముదుల. దానికి సంధి కూడా పనిచేయదు. చివరికి సార్లు అని తిప్పాను. ఏ అంకెను తొమ్మిది సార్లు అన్నది పాటలో మాయమైంది, అంతకుముందు ఎనిమిది పంక్తుల అలవాటు మీద ఆధారపడింది. ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తోస్తే నాకు చెప్పండి.

పాడేటప్పుడు ఒకటో మాత్ర మీద ఒక చప్పట్లు, అయిదో మాత్ర మీద ఒకటి. పద్దెనిమిది దగ్గర దీర్ఘం తీయకపోతే తరువాతి చప్పట్లు ముందుగా పడిపోతాయి, తరగతి రెండుగా చీలిన చప్పుడు వస్తుంది. అది వినిపిస్తే ఆపి ఆ పంక్తి ఒక్కటే మళ్ళీ అనిపించాలి.

అసలు చిక్కు ఇంకోటి ఉంది, అది చెవికి వినిపించదు. ముప్పై ఆరు, అరవై మూడు - రెండూ ఏడు మాత్రలే. నలభై ఐదు, యాభై నాల్గు అంతే. ఇరవై ఏడు, డెబ్బై రెండు అంతే. తొమ్మిది ఏళ్ళ ముప్పై ఆరు అని పాడినా తాళం ఎక్కడా తొట్రుపడదు. నడక సమంగా ఉండడమే ఇక్కడ తప్పును దాచేస్తుంది. వరసలో పాడే పిల్లవాణ్ణి మధ్యలో ఆపి, తొమ్మిదేళ్ళెంతరా అంటే, మళ్ళీ మొదటినుంచి గొణుక్కుంటూ వస్తాడు, లేకపోతే తిరగేసిన అంకె చెప్తాడు. ఈ రెండిట్లో ఏది జరిగినా పాట వచ్చిందిగాని ఎక్కం రాలేదన్నమాట.

దీనికి పల్లవి పనికొస్తుంది. ఉత్త లాలలల బదులు ఎక్కంలోని సూత్రాన్నే అందులో పెట్టాలి, అదీ ఏడు మాత్రల్లోనే:

పదులొక మెట్టు - పైపైకెక్కు
పక్కది మెట్టు - కిందకు జారు
రెండూ కలిపి - తొమ్మిది సూడు

పద్దెనిమిదిలో ఒకటీ ఎనిమిదీ, ఇరవై ఏడులో రెండూ ఏడూ, ఎక్కడ కలిపినా తొమ్మిదే. తొమ్మిది కలపడమంటే పది కలిపి ఒకటి తీయడం. అందుకే పదుల అంకె ఒకటి పెరిగి పక్కది ఒకటి తగ్గుతుంది. కాని అరవై మూడు కూడినా ముప్పై ఆరు కూడినా తొమ్మిదే వస్తుంది గనుక పల్లవి ఒక్కటీ తారుమారును పట్టలేదు. దానికి చేతులు కావాలి. పిల్లలు పది వేళ్ళూ చాచి కూర్చుంటారు. పంక్తికొక వేలు ఎడమనుంచి వరసగా మడుస్తారు, మడిచినది పంక్తి అయ్యాక మళ్ళీ చాస్తారు. ఏడో పంక్తికి ఏడో వేలు మడిస్తే దానికి ఎడమపక్క ఆరు, కుడిపక్క మూడు: అరవై మూడు. నాలుగో వేలు మడిస్తే మూడు, ఆరు. నోరు తారుమారైనా వేళ్ళు తారుమారు కావు. చప్పట్లు కొట్టే గుంపు ఒకటి, వేళ్ళు మడిచే గుంపు ఒకటి పెట్టి, మొదటి వాళ్ళు ప్రశ్న ఏడు మాత్రలూ, రెండో వాళ్ళు జవాబు ఏడు మాత్రలూ పాడితే, నాలుగైదు రోజుల తరువాత ప్రశ్నలు వరస తప్పించి అడగొచ్చు. వరస తప్పినా తాళం తప్పదు, ప్రతి పాదం కొలత ఒకటే గదా.

మిగతా ఎక్కాలకు ఈ బాణీ అతకదు. ఏడో ఎక్కంలో ఏడు రెళ్ళ, ఏడు మూళ్ళ - మూడూ మూడూ, ఆరు మాత్రలు. జవాబులు ఒకచోట ఆరు, ఒకచోట ఏడు, ఇరవై ఎనిమిది దగ్గరా నలభై తొమ్మిది దగ్గరా ఎనిమిది. ప్రశ్న చివర ఒక మాత్ర ఖాళీ వదిలి అక్కడ చప్పట్లు కొట్టిస్తే కొంత నడుస్తుంది, ఆ ఎనిమిది మాత్రలవి మాత్రం ఇంకా లొంగలేదు. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా ఉన్నవి వేరే కులం: అయిదేసి మాత్రలు, అందులోనూ పద్నాలుగు, పద్దెనిమిది, పంతొమ్మిది మళ్ళీ ఒకటి ఎక్కువ. రెండో ఎక్కం కట్టదలచినవారు ఆ అయిదుతో మొదలుపెట్టాలి.