త్రికోణమితికి పద్నాలుగు రోజులు: శిష్యురాలికి లెక్కల మాస్టారి ఉత్తరం

అమ్మాయీ,

నీ ప్రీఫైనల్ పేపరు తీరిగ్గా చూశాను. త్రికోణమితిలో పోయిన మార్కులు దాదాపు అన్నీ ఒక్క చోటే పోయాయి. sin θ అంటే ఎదుటి భుజం బై కర్ణం అని సరిగ్గానే రాశావు. కానీ కోణం A అడిగితే, C కి ఎదురుగా ఉన్న భుజాన్ని తీసుకున్నావు. సూత్రాలు నీకు వచ్చు. బొమ్మ చూడడం ఇంకా కుదురుకోలేదు, అంతే. రోజుకో గంట చొప్పున రెండు వారాలు కూర్చుంటే ఇది సర్దుకుంటుంది. వరస మాత్రం మార్చకు.

మొదటి మూడు రోజులు బొమ్మలే. 3, 4, 5 భుజాల త్రిభుజం, 5, 12, 13 త్రిభుజం తీసుకుని, పుస్తకంలో ఉన్నట్టు కాకుండా తిప్పి, తలకిందులుగా, పక్కకి వాల్చి గీయి. లంబకోణానికి ఎదురుగా ఉన్నది కర్ణం. దాని పేరు ఎప్పుడూ మారదు. మిగతా రెండు భుజాల పేర్లు మాత్రం మనం ఏ కోణం దగ్గర నిలబడి చూస్తున్నామో దాన్నిబట్టి మారిపోతాయి. ప్రతి బొమ్మకీ ముందు A నుంచి, తరవాత C నుంచి sin, cos, tan రాయి. sin A, cos C ఒకటే వస్తున్నాయని నీకే కనబడుతుంది. పూరక కోణాల సూత్రం అదే, బట్టీ పట్టక్కర్లేదు. ఎక్కడైనా sin విలువ ఒకటి దాటిందంటే కర్ణాన్ని తప్పుగా పట్టుకున్నావని లెక్క.

నాలుగు, అయిదు రోజుల్లో విలువల పట్టిక. దాన్ని వల్లె వేయకు, పుట్టించు. 2 యూనిట్ల భుజంతో సమబాహు త్రిభుజం గీసి పైనుంచి లంబం దించితే, అడుగున సగం 1, ఎత్తు √3. 30°, 60° విలువలన్నీ ఆ ఒక్క బొమ్మలోనే ఉన్నాయి. 45° కి రెండు సమాన భుజాలున్న లంబకోణ త్రిభుజం చాలు. పరీక్షలో మరిచిపోయినా మార్జిన్‌లో అర నిమిషంలో గీసుకోవచ్చు.

ఆరు నుంచి తొమ్మిది దాకా సర్వసమీకరణాలు. అసలైనది ఒక్కటే: sin²θ + cos²θ = 1. మిగతా రెండూ దీన్ని cos²θ తో, sin²θ తో భాగిస్తే వచ్చేవే. ఇక్కడ నీ పేపర్లో ఒక తప్పుంది. వర్గాలు కొట్టేసి sin θ + cos θ = 1 అని రాశావు. θ = 30° పెట్టి చూడు: 0.5 + 0.866, ఒకటి దాటిపోయింది. అనుమానం వచ్చిన ప్రతి మెట్టునీ ఇలా ఒక కోణం పెట్టి పరీక్షించు. నిరూపణల్లో దారి తోచకపోతే అన్నిటినీ sin, cos లోకి మార్చు. చాలా లెక్కలు అక్కడే విడిపోతాయి.

పది నుంచి పదమూడు దాకా ఎత్తులు, దూరాలు. నువ్వు వదిలేసిన లెక్కే చూద్దాం. ఒక చోటు నుంచి గోపురం పైభాగం 30° ఊర్ధ్వకోణంలో కనిపించింది. గోపురం వైపు 20 మీటర్లు నడిస్తే 60° అయింది. ఎత్తెంత?

ఎత్తు h, రెండో చోటు నుంచి గోపురం అడుగు దాకా దూరం x అనుకో. దగ్గరి త్రిభుజంలో tan 60° = h/x, కాబట్టి h = √3x. దూరపు త్రిభుజంలో tan 30° = h/(x + 20), అంటే √3h = x + 20. మొదటిది ఇందులో పెడితే 3x = x + 20. x = 10, h = 10√3, సుమారు 17.3 మీటర్లు.

పిల్లలు ఎక్కువగా తడబడేది 30°, 60° ఎక్కడ పెట్టాలన్న దగ్గర. గోపురానికి దగ్గరైనకొద్దీ తల ఇంకా పైకెత్తాలి కదా, అందుకని పెద్ద కోణం ఎప్పుడూ దగ్గరి చోటుదే. నిమ్నకోణాన్ని మాత్రం కంటి దగ్గర గీసిన అడ్డగీత నుంచి కిందికి కొలవాలి, గోడ నుంచి కాదు. ఆ అడ్డగీత గీయకుండా లెక్క మొదలుపెట్టకు.

పద్నాలుగో రోజు పుస్తకం మూసేసి, గడియారం ముందు పెట్టుకుని, పాత ప్రశ్నపత్రాల్లోని త్రికోణమితి ప్రశ్నలు మాత్రమే రాయి. పాలిసెట్ రాస్తానన్నావు, ఆ పరీక్షా పదో తరగతి సిలబస్ మీదే, కనుక ఈ పని రెండింటికీ పనికొస్తుంది. ఆదివారం ట్యూషన్‌కి వచ్చేటప్పుడు సరిగ్గా వచ్చిన లెక్కలు చూపించక్కర్లేదమ్మా. ఆగిపోయిన లెక్కలు కొట్టేయకుండా, ఎక్కడ ఆగావో అక్కడ గీత పెట్టి, ఆ పేజీలే పట్టుకురా.

ఇట్లు,
మీ లెక్కల మాస్టారు