మొదటి జీతం: పెళ్లి డబ్బు వేరు, ఇండెక్స్ ఫండ్ వేరు

సోమల నుంచి బెంగళూరు పోయి మొదటి ఉద్యోగంలో చేరిన బిడ్డకు మనం చెప్పే మాట ఒకటే: చీటీ వెయ్యి, లేకుంటే బంగారం కొను. ఆ మాట చెప్పేముందు ఒకసారి వాడి పేస్లిప్ తెప్పించుకుని చూడండి.

ఉదాహరణకు బేసిక్ 15,000 ఉందనుకుందాం. పీఎఫ్ కింద వాడి జీతంలోంచి 1,800 కోత పడుతుంది. కంపెనీ కూడా అంతే కడుతుంది. అందులో 1,250 పెన్షన్‌కు పోగా 550 పీఎఫ్‌లో చేరుతుంది. అంటే నెలకు 2,350 వడ్డీ వచ్చే చోటికి ముందే వెళ్తోంది. 2024-25కు ఆ వడ్డీ 8.25 శాతం. అందుకే మొదట్లో డెట్ కోసం ఇంకో పథకం వెతకాల్సిన పని లేదంటాను. పీఎఫ్ లేని చిన్న కంపెనీ అయితే మాత్రం పోస్టాఫీసులో పీపీఎఫ్ తెరవమనండి. ఏడాదికి 500 కట్టినా ఖాతా నిలుస్తుంది. గడువు మాత్రం 15 ఏళ్లు.

ఇక అలవెన్సులన్నీ కలిపి చేతికొచ్చేది 27,000 అనుకుందాం. గది, తిండి, బస్సు ఖర్చులు 14,000, ఇంటికి పంపేది 5,000, మిగిలేది 8,000. రెండేళ్లలో చెల్లెలి పెళ్లి ఉందంటే అందులో 4,000 బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌కు పోవాలి. ఆరున్నర శాతం వడ్డీ దొరికితే 24 నెలలకు లక్షా రెండువేల పైచిలుకు చేతికొస్తుంది. ఇంకో 3,000 ఆపద డబ్బు. ఉద్యోగం పోయినా, టమాటా ధర పడిపోయి మీరు ఫోన్ చేసినా ఆదుకునేది అదే. కాబట్టి ఇంటికి పంపే 5,000 కూడా కలిపి మూడు నెలలకు 57,000 లెక్క వేసుకోవాలి. అది 19 నెలల్లో పోగవుతుంది.

మిగిలిన 1,000 నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో సిప్‌గా వేయమనండి. ఆపద డబ్బు నిండాక ఆ 3,000 కూడా ఇటే మళ్లించవచ్చు. ఫండ్ పేరులో ‘డైరెక్ట్’ అని ఉందో లేదో చూసుకోమనండి. ‘రెగ్యులర్’ అని ఉంటే ఏటా ఏజెంటు కమిషన్ అందులోంచే పోతుంది.

పెళ్లి డబ్బు ఇందులో ఎందుకు వేయకూడదంటే, 2020 జనవరి నుంచి మార్చి 23 లోపు నిఫ్టీ దాదాపు 38 శాతం పడింది. లక్ష పెట్టినవాడికి 62,000 కనిపించింది. ఆగినవాళ్లకు నవంబరుకల్లా పాత స్థాయి తిరిగొచ్చింది. ఏప్రిల్‌లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఎలా ఆగుతారు? కనీసం ఏడేళ్లు ముట్టుకోని డబ్బే అక్కడ ఉండాలి. బోరు వేయాలనో, ఆవు కొనాలనో ఆ ఫండ్ అమ్మమని అడగకుండా ఉండడం మన వంతు. అంతకన్నా ముఖ్యంగా, అలాంటి ఖర్చు ఏదైనా రాబోతుంటే ఇప్పుడే వాడికి చెప్పండి. దానికి ఇంకో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టుకుంటాడు.