ముందు ఫ్రేములు, తర్వాత వాట్లు

1. ముందు ఫ్రేములకు హద్దు పెట్టు, ఆ తర్వాతే వాట్లకు.

నేను చాలాకాలం దీన్ని తలకిందులుగా చేశాను. స్టీమ్ డెక్ తొలి మోడల్ బ్యాటరీ 40 వాట్-అవర్లు. యంత్రం మొత్తం కలిసి 20 వాట్లు తాగితే రెండు గంటల్లో ఖాళీ. ఆ లెక్కకు భయపడి చిప్‌కు ఇచ్చే 15 వాట్లను ఒక్కసారిగా 8కి తగ్గించేవాణ్ణి. హద్దు లేని గేము వీలైనన్ని ఫ్రేములు గీయాలనే చూస్తుంది. ఆ 8 వాట్లూ వాడేసుకుని, అయినా తడబడేది. మంచి గేములు కొన్నిటిని అలా పాడుచేసుకుని పక్కన పెట్టేశాను. ఫ్రేములకు హద్దు ఉంటే, ఒక ఫ్రేము గీశాక చిప్‌కు కాస్త విరామం దొరుకుతుంది. అసలు పొదుపు అక్కడే మొదలవుతుంది.

2. నునుపుదనం ఫ్రేముల సంఖ్యలో కన్నా వాటి మధ్య ఎడంలో ఉంటుంది.

సెకనుకు 60 ఫ్రేములైతే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు, 30 అయితే 33.3. సరిగ్గా నడిమి విలువ 25, అంటే 40 ఫ్రేములు. బరువైన గేముకు నేను మొదట ప్రయత్నించేది అదే. అయితే తెరను 60 హెర్ట్జ్‌లోనే ఉంచి 40 ఫ్రేములు పంపితే ఒక ఫ్రేము ఒక విడత, తర్వాతిది రెండు విడతలు నిలుస్తాయి. కదలికలో కుదుపు కనబడుతుంది. తొలి మోడల్‌లోనైతే తెరను కూడా 40 హెర్ట్జ్‌కు దించాలి. ఓఎల్ఈడీ మోడల్‌లో 90 హెర్ట్జ్ తెర మీద 45 ఫ్రేములు పెడితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండు విడతలు ఉంటుంది.

3. వాట్ల హద్దు పైకప్పే గాని ఖర్చు కాదు.

40 ఫ్రేముల హద్దులో గేము 9 వాట్లే వాడుతోందనుకో. `TDP Limit`ను 15లో ఉంచినా 12లో ఉంచినా బ్యాటరీకి పెద్ద తేడా రాదు. గేము అవసరానికి దగ్గరగా దించినప్పుడే ఆ హద్దు పనిచేస్తుంది. అవసరం కన్నా కిందికి పోతే ఆట తడబడుతుంది. అందుకే గేములో జనం కిక్కిరిసిన ఊళ్లోకి వెళ్లి, `Performance` పేజీలోంచి ఫ్రేము సమయం గీతను తెర మీదికి తెచ్చుకుని, ఒక్కో వాటే తగ్గించు. 10లో గీత చదునుగా ఉంది, 9లోనూ ఉంది, 8లో ముళ్లు లేచాయి అనుకుందాం. 9కి తిరిగి వచ్చి, ఇంకొకటి కలిపి 10 దగ్గర ఆగు. ఖాళీ మైదానంలో ఈ పరీక్ష చేస్తే మోసపోతావు. సీపీయూ, జీపీయూ రెండూ ఆ కొద్ది వాట్లనే పంచుకుంటాయి. జనం పెరిగితే సీపీయూ ఎక్కువ లాక్కుంటుంది, బొమ్మ గీసే భాగానికి కరువొస్తుంది. ఇలా మొత్తం వాడకం 20 నుంచి 14 వాట్లకు దిగితే ఆ 40 వాట్-అవర్ల బ్యాటరీ రెండు గంటల యాభై నిమిషాల దాకా వస్తుంది.

4. ఒక గేముకు కుదిరిన కొలత ఇంకోదానికి కుదరదు.

`Use per-game profile` ఆన్ చేసి, దేనిది దానికే దాచుకో. చిన్న టూడీ గేముల్లో చిప్ ఖర్చు ముందే తక్కువ. అక్కడ ఇంకో వాటు కోయడం కన్నా తెర వెలుగు తగ్గించడం, వైఫై ఆపడం ఎక్కువ ఫలితమిస్తాయి.