పెద్దవాళ్లను అడిగే ముందు వాళ్ల వంతు తేల్చుకోండి

పేరున్న డాక్టరుకు ‘కలిసి ఒక వ్యాసం రాద్దామా’ అని మెసేజ్ పెట్టాలంటే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆరోగ్య విషయాలు రాసేదాన్ని కాబట్టి ఇది తప్పని పని. భయం వేసినప్పుడు వేళ్లు పొగడ్తల వైపే పోతాయి. నాలుగు వాక్యాల పొగడ్త, చివర ‘మీకు వీలున్నప్పుడు మాట్లాడదాం’. అది చదివిన డాక్టరుగారికి ఏం తెలిసింది? ఏ విషయం, ఎక్కడ అచ్చవుతుంది, తనకు ఎంత పని, పేరు ఎలా వేస్తారు, ఇవన్నీ ఆయనే ఎదురు అడగాలి. బయట ఓపీ నిండి ఉంటే అంత తీరిక ఎక్కడిది? జవాబు రాకపోతే ఆయనకు పొగరని అనేయకండి. పని చెప్పకుండా సాయం అడిగింది మనం.

వెనెస్సా బోన్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు సాయం అడగడం మీద ప్రయోగాలు చేశారు. ఎదురుగా వెళ్లి అడిగితే మనం అనుకున్నదానికన్నా ఎక్కువమందే ఒప్పుకుంటారట. ఈమెయిల్లో అడిగితే మాత్రం మన అంచనా కన్నా తక్కువమంది. అంటే ఎదురుగా ఉంటే మన ముఖం, గొంతు చేసే పనిని కూడా మెసేజ్‌లో మన అక్షరాలే చేయాలి.

అందుకే నేను వదలని అలవాటు ఒకటి ఉంది. మెసేజ్ మొదలుపెట్టే ముందు కాగితం మధ్యలో గీత గీస్తాను. ఎడమవైపు డాక్టరుగారి వంతు, కుడివైపు నా వంతు. ఎడమవైపు రాయాల్సింది ఆయన దగ్గర మాత్రమే దొరికేది.

ఉదాహరణకు మోకాళ్ల నొప్పులకు చీటీ లేకుండా కొనుక్కునే మాత్రల గురించి ఒక కిడ్నీ డాక్టరుతో రాయాలనుకుందాం. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీలకు రక్తప్రసరణ తగ్గించగలవు. కొన్ని రకాల బీపీ మందులు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు కూడా వాడేవాళ్లకు ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇదంతా పుస్తకాల్లో ఉంది, నేనే చదివి రాసుకోగలను. ‘ఏ మందులు వాడుతున్నావమ్మా’ అంటే బీపీ మాత్రలు చెప్పి నొప్పి మాత్ర సంగతి ఎందుకు చెప్పరో, ఏమని అడిగితే చెబుతారో ఆయనకే తెలుసు. ఎడమవైపు ఉండాల్సింది అదే. అక్కడ ఏమీ రాయలేకపోతే మీకు కావాల్సింది ఆయన పేరు మాత్రమే. అప్పుడు మెసేజ్ పెట్టకండి.

కాగితం సిద్ధమయ్యాక మెసేజ్ ఇలా వస్తుంది:

‘డాక్టరుగారికి నమస్కారం. నేను తెలుగులో ఆరోగ్య వ్యాసాలు రాస్తాను. మచ్చుకు ఒకటి జతచేశాను. నొప్పి మాత్రలు, కిడ్నీల మీద మీతో కలిసి 800 మాటల వ్యాసం రాయాలని ఉంది. రోగులు ఈ మాత్రల సంగతి ఎందుకు దాటేస్తారో మీ అనుభవం కావాలి. మీ వంతు: ఫోన్లో అరగంట, తర్వాత చిత్తుప్రతిని దిద్దడం. రాయడం, పత్రికతో మాట్లాడటం నా పని. మీరు సరే అనకుండా అచ్చుకు ఇవ్వను. ఇద్దరి పేర్లూ ఉంటాయి. ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు వేయను. వీలుకాకపోతే ‘ఇప్పుడు కాదు’ అన్నా చాలు.’

ఆసుపత్రి పేరు సంగతి ఎందుకంటే, రోగులను రప్పించుకునే ప్రచారం కూడదని 2002 నాటి వైద్యుల నియమావళి చెబుతోంది. జాగ్రత్తపరులైన డాక్టర్లు వెనకాడే చోటు ఇదే. ఆ సందేహం వాళ్లు అడగకముందే తీర్చాలి. పేర్ల విషయంలోనూ మొహమాటం వద్దు. ఆయన మాట్లాడి ఊరుకుంటే అది ఇంటర్వ్యూ. చిత్తుప్రతిని దిద్ది, అందులోని మాటలకు బాధ్యత తీసుకుంటేనే సహరచయిత.

వ్యాసంతో పాటు వెబినార్ కూడా చేయాలని ఉంటే, ఆ సంగతి మొదటి మెసేజ్‌లోనే కలపకండి. వ్యాసంలో తప్పు దొర్లితే అచ్చుకు ముందు దిద్దుకోవచ్చు, లైవ్‌లో కుదరదు. పైగా ‘నా క్రియాటినిన్ 1.8, ఏ మాత్ర వాడాలి’ అని ఎవరో అడుగుతారు. చూడని రోగికి ఆయన మందు ఎలా చెబుతారు? వ్యాసం వచ్చాక వెబినార్ అడిగితే, ప్రశ్నలు ముందే తెప్పించుకుని వడగడతానని, సొంత రిపోర్టుల ప్రశ్నలు తీసుకోనని అందులో రాయండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వాయిస్ మెసేజ్ వద్దు. రాత్రివేళ పంపొద్దు. ఒకే విషయం మీద ఒకేసారి ఇద్దరు డాక్టర్లను అడగొద్దు. వారం, పది రోజులు చూసి ఒక్కసారి గుర్తుచేయండి, అప్పటికీ పలకకపోతే ఆపేయండి. ఎడమవైపు రాసుకున్న ఆ ప్రశ్న మరో కిడ్నీ డాక్టరు ఓపీలోనూ రోజూ వినిపించేదే. ఈసారి ఆయనకు రాయండి.