ఎన్ని మెసేజ్‌లు దాటితే వేధింపు?

వరసగా ఎన్ని మెసేజ్‌లు పంపితే కేసు అవుతుంది? ఈ ప్రశ్న రెండు వైపుల నుంచీ వస్తుంది. రాత్రీపగలూ ఫోన్ మోగుతూ ఉంటే విసిగిపోయిన అమ్మాయిలు అడుగుతారు. కొడుకును స్టేషన్‌కు రమ్మన్నారని కంగారుపడే తల్లిదండ్రులూ అడుగుతారు. ఐదా, పదా, యాభయ్యా, ఏదో ఒక అంకె చెప్పమంటారు. చట్టంలో అలాంటి అంకె లేదు. ఉన్నది ఒక గీత. ఆ గీత ఎక్కడుందో తెలిస్తే పంపేవాళ్లకూ, అందుకునేవాళ్లకూ సగం గందరగోళం తీరుతుంది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షన్ ఈ విషయం చెబుతుంది. పాత ఐపీసీలో ఇదే 354డి. 2013లో చేర్చారు. తనకు ఆసక్తి లేదని ఒక మహిళ స్పష్టంగా తెలియజేసిన తర్వాత కూడా, ఆమెతో వ్యక్తిగత పరిచయం పెంచుకోవాలని ఒక పురుషుడు వెంటపడి పదేపదే సంప్రదించినా, సంప్రదించడానికి ప్రయత్నించినా నేరమే. ఆమె ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకం మీద నిఘా పెట్టినా ఇదే సెక్షన్ వర్తిస్తుంది. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల దాకా జైలు, జరిమానా. రెండోసారికి అది ఐదేళ్ల దాకా వెళుతుంది. మొదటిసారికి బెయిల్ దొరుకుతుంది, రెండోసారికి అది హక్కుగా రాదు.

ఇందులో బరువంతా రెండు మాటల మీద ఉంది. ఒకటి 'స్పష్టంగా', రెండోది 'పదేపదే'. పదేపదే అంటే ఎన్నిసార్లో సెక్షన్ చెప్పలేదు. చెప్పకపోవడం మంచిదే అయింది. మనలో చాలామంది ఒక వాక్యాన్ని ఐదు ముక్కలు చేసి పంపుతారు. "హాయ్", "ఏం చేస్తున్నావ్", "తిన్నావా", "రేపు క్లాసుకు వస్తావా", "చెప్పు". అర నిమిషంలో ఐదు మెసేజ్‌లు. ఇది టైప్ చేసే అలవాటు, నేరం కాదు. వద్దని చెప్పాక రోజుకు ఒక్కటే చొప్పున వారం పాటు వచ్చినవి ఏడే మెసేజ్‌లు. కేసుకు ఆధారమయ్యేవి ఈ ఏడూ. కాబట్టి లెక్కపెట్టాల్సింది మొత్తం మెసేజ్‌లను కాదు, 'వద్దు' తర్వాత వచ్చినవాటిని.

ఒక ఉదాహరణ కల్పించుకుని చూద్దాం. గుంటూరులో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు వెళ్లే అమ్మాయి. అదే బ్యాచ్‌లోని అబ్బాయి వాట్సాప్ గ్రూపులోంచి ఆమె నంబరు తీసుకుని నోట్సు అడిగాడు. ఆమె పంపింది. రెండు మూడు రోజులు మామూలు మాటలు నడిచాయి, స్మైలీలూ నడిచాయి. నాలుగో రోజు రాత్రి "నీ డీపీ చాలా బాగుంది" అన్నాడు. ఆమె జవాబివ్వలేదు. "ఏమైంది?", "బిజీనా?", "కోపం వచ్చిందా?", "రిప్లై ఇవ్వడానికి అంత కష్టమా?", "నీకు పొగరు ఎక్కువే" అని తొమ్మిది మెసేజ్‌లు పంపాడు.

ఇక్కడి దాకా నేరమా? ఈ తొమ్మిదింటిలో ఒత్తిడి ఉంది, అందులో సందేహం లేదు. మొదటి రెండూ పలకరింపులు, చివరి రెండూ నిష్ఠూరాలు. జవాబివ్వడం ఆమె బాధ్యత అన్నట్టు మాట మారిన చోటే సరసం పోయి ఒత్తిడి మొదలైంది. కానీ ఆ రాత్రి వరకే చూస్తే 78వ సెక్షన్ కింద కేసు నిలబడటం కష్టం. ఆమె మౌనంగా ఉంది, ఇంకా వద్దనలేదు. మౌనం స్పష్టమైన నిరాకరణ అవుతుందా అన్నది వాదనకు తావున్న ప్రశ్న. వారాల తరబడి మౌనం, నంబరు బ్లాక్ చేయడం లాంటివి కలిస్తే బలం పెరుగుతుంది. ఒక్క రాత్రి మౌనానికి ఆ బలం లేదు. చిరాకు తెప్పించే మెసేజ్ పంపడమే నేరం అనే సెక్షన్ ఒకప్పుడు ఉండేది. అది ఐటీ చట్టంలోని 66ఎ. దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. ఆ సెక్షన్ కింద కేసు పెట్టిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

మరుసటి ఉదయం ఆ అమ్మాయి ఇలా రాసింది: "నాకు ఇలాంటి మాటలు ఇష్టం లేదు. ఇకపై నాకు మెసేజ్ గానీ ఫోన్ గానీ చేయవద్దు." గీత పడింది ఇక్కడే. తర్వాత అతను "సారీ, ఇంకెప్పుడూ చేయను" అని ఆగిపోయి ఉంటే కథ ముగిసేది. ఆ ఒక్క క్షమాపణను ఎవరూ వేధింపు అనరు. కానీ సాయంత్రానికి "ఒక్కసారి మాట్లాడు, తర్వాత నీ ఇష్టం" అన్నాడు. ఆమె బ్లాక్ చేసింది. రెండ్రోజులకు స్నేహితుడి నంబరు నుంచి వచ్చాడు. తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో కొత్త ఖాతా తెరిచాడు. అదీ బ్లాక్ అయ్యాక యూపీఐలో ఒక్క రూపాయి పంపి, నోట్‌లో "ప్లీజ్ అన్‌బ్లాక్" అని రాశాడు. వద్దన్న తర్వాత వచ్చినవి నాలుగే. మొదటి రాత్రి తొమ్మిది కంటే చట్టం ముందు ఈ నాలుగూ ఎక్కువ తూగుతాయి. మిస్డ్ కాల్స్ కూడా ఇందులోకే వస్తాయి, ఎందుకంటే సెక్షన్‌లో ప్రయత్నం అన్న మాట కూడా ఉంది.

ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. సెక్షన్‌లో 'వెంబడించి' అనే మాట ఉంది కాబట్టి, వీధిలో వెంట నడవకుండా ఉత్త మెసేజ్‌లు పంపితే ఇది వర్తించదని నిందితుడి తరఫు లాయరు వాదించే అవకాశం ఉంది. అందుకే ఫిర్యాదులో "చాలా మెసేజ్‌లు పంపాడు" అని ఊరుకోకూడదు. ఏ తేదీన వద్దన్నారో, ఆ తర్వాత ఏ నంబరు నుంచి, ఏ ఖాతా నుంచి ఎలా వెంటపడ్డాడో వరసగా రాయాలి. హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఉంటే, బస్టాపు దాకా వచ్చి ఉంటే అదీ చేర్చాలి.

మన ఇళ్లలో అమ్మాయిలకు నేర్పే మర్యాద ఇక్కడ అడ్డొస్తుంది. నేరుగా వద్దంటే ఏమనుకుంటాడో అని "ఇప్పుడు బిజీ అన్నయ్యా", "పరీక్షలయ్యాక చూద్దాం" అంటారు. మనసులో అది వద్దనడమే, కాగితం మీద మాత్రం కాదు. పరీక్షలయ్యాక మాట్లాడమంది కదా అని అతని లాయరు అదే స్క్రీన్‌షాట్ చూపిస్తాడు. ఒక్క వాక్యం చాలు, తిట్టు అక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. అది ఒక్కసారి పంపాక మళ్లీ వాదనకు దిగకండి. ఒకవేళ భయంతోనో జాలితోనో మధ్యలో జవాబిచ్చినా మీ హక్కు పోదు. మరోసారి స్పష్టంగా వద్దని రాయండి. ఒకప్పుడు ప్రేమించుకున్నవాళ్లయినా ఇంతే. పాత ఇష్టం నేటి అనుమతి కాదు.

వద్దని చెప్పేదాకా ఏదైనా పంపవచ్చని దీన్ని బట్టి ఎవరూ అనుకోకూడదు. మెసేజ్‌లో ఉన్నదే తప్పయితే సంఖ్యతో పనే లేదు. ముంబైలో ఒక మాజీ మహిళా కార్పొరేటర్‌కు పరిచయం లేని వ్యక్తి రాత్రి 11 దాటాక వాట్సాప్‌లో నువ్వు సన్నగా ఉన్నావు, తెల్లగా ఉన్నావు, నాకు నచ్చావు, పెళ్లయిందా అని పంపాడు. మేజిస్ట్రేట్ కోర్టు 2022లో మూడు నెలల శిక్ష వేసింది. 2025 ఫిబ్రవరిలో దిండోశి సెషన్స్ కోర్టు దాన్ని సమర్థించింది. అక్కడ లెక్కలోకి వచ్చింది మహిళ గౌరవాన్ని కించపరచడం, అంటే పాత ఐపీసీ 509. ఇప్పుడది న్యాయ సంహిత 79వ సెక్షన్. లైంగికంగా ధ్వనించే మాటలైతే 75 కూడా వస్తుంది.

అవతల ఉన్నది పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే గీత ఇంకా ముందే పడుతుంది. పోక్సో చట్టం 11వ సెక్షన్ ప్రకారం లైంగిక ఉద్దేశంతో ఫోన్ ద్వారా గానీ మరెలాగైనా గానీ పదేపదే సంప్రదించడమే నేరం. ఆ పాప లేదా బాబు వద్దన్నారా లేదా అని చట్టం అడగదు. ఇంటర్మీడియట్ చదివే పిల్లల తల్లిదండ్రులు ఇది తప్పక తెలుసుకోవాలి.

78వ సెక్షన్ మాత్రం మహిళను పురుషుడు వేధించినప్పుడే వర్తిస్తుంది. మగవాళ్లకు ఇలాంటి బెడద ఎదురైతే ఈ సెక్షన్ దొరకదు. మెసేజ్‌లో బెదిరింపు ఉంటే 351, డబ్బు గుంజే ప్రయత్నం ఉంటే 308 కింద ఫిర్యాదు చేయవచ్చు. ఇది చట్టంలో లోటే అని నా అభిప్రాయం.

ఇక సాక్ష్యం. కోపంలో చాట్ అంతా తుడిచేసి నంబరు బ్లాక్ చేయడం అందరూ చేసే పని, కేసుకు దానికంటే పెద్ద దెబ్బ లేదు. ముందు భద్రపరచండి, తర్వాత బ్లాక్ చేయండి. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. పేరు మాత్రమే కాకుండా నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. వాట్సాప్‌లో Export chat నొక్కి మొత్తం సంభాషణను మీ ఈమెయిల్‌కు పంపుకోండి. మీ స్మైలీలు కూడా అందులో ఉంటాయి, ఉండనివ్వండి. ముక్కలు కత్తిరించిన చాట్‌ను కోర్టు అనుమానంగా చూస్తుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ప్రింటు ఇచ్చినప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. దాని సంగతి లాయరు, పోలీసులు చూస్తారు. మీరు చేయాల్సింది ఆ ఫోన్‌ను అమ్మకుండా, రీసెట్ చేయకుండా ఉంచడం.

ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. మా పరిధి కాదని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. ఈ సెక్షన్ల కింద మహిళ ఇచ్చే సమాచారాన్ని మహిళా అధికారే నమోదు చేయాలి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేసే వీలు కొత్త చట్టం పోలీసులకు ఇచ్చింది. కాబట్టి వెంటనే ఎఫ్ఐఆర్ కాకపోతే నిరాశపడకుండా, ఫిర్యాదు అందినట్టు రసీదు తీసుకుని 14 రోజుల తర్వాత అడగండి. అప్పటికీ నమోదు చేయకపోతే ఎస్పీకి లేదా కమిషనర్‌కు రాతపూర్వకంగా పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు ఉంది.

కేసు దాకా వద్దు, ఆగిపోతే చాలు అనుకునేవాళ్లే ఎక్కువ. తెలంగాణలో షీ టీమ్స్‌ను, ఆంధ్రప్రదేశ్‌లో శక్తి యాప్‌ను అందుకు వాడుకోవచ్చు. చాలాసార్లు పోలీసులు అతన్ని, ఇంట్లోవాళ్లను పిలిచి కౌన్సెలింగ్ చేస్తారు. అక్కడ రాయించుకున్న కాగితం నకలు అడిగి తీసుకోండి. మళ్లీ మెసేజ్ వస్తే స్పష్టంగా వద్దన్నారనడానికి అంతకు మించిన రుజువు దొరకదు. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఒకే ఆఫీసులో పనిచేసే వ్యక్తి అయితే, చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు అంతర్గత కమిటీకి రాయాలి.

78వ సెక్షన్ కేసుకు గడువు మూడేళ్లు. ఆరు నెలల కిందటి మెసేజ్‌లకు ఇప్పుడేం చేస్తామని వదిలేసినవాళ్లు ఉంటే, ఆ ఫోన్ తీసి చాట్ ఈ రోజే భద్రపరచుకోండి.